చెరకు బండి: మూడు నెలల వ్యాపారం, ఏడాది ముందుచూపు

శివరాత్రి వెళ్లి నాలుగు రోజులు గడిచేసరికి బస్టాండు ఎదుట, కోర్టు గోడ పక్కన, పెద్దాసుపత్రి గేటు దగ్గర చెరకు రసం బళ్లు వచ్చి చేరతాయి. మువ్వలు కట్టిన చక్రం, తడి గోనెపట్టా కప్పుకున్న గడల మోపు, పళ్లెంలో సగానికి కోసిన నిమ్మకాయలు, ఓ అల్లం కొమ్ము. రోహిణి కార్తె ఎండలకి ఈ బళ్ల దగ్గర నిలబడడానికి చోటుండదు. మృగశిర చినుకు పడిందా, వారం తిరక్కుండా సగం బళ్లు కనిపించవు. అంటే ఈ వ్యాపారానికి ఏడాదిలో నికరంగా దొరికేది 90 రోజులు, మహా అయితే 100. మిషను అప్పు తీరాలన్నా, ఇంట్లో నాలుగు రూపాయలు మిగలాలన్నా ఆ రోజుల్లోనే.

చూసేవాళ్లకి ఇది చాలా తేలికైన బేరంలా కనిపిస్తుంది. గడ పెట్టడం, చక్రం తిప్పడం, గ్లాసు నింపడం. గ్లాసు 20 రూపాయలంటే అంతా లాభమే అనుకుంటారు. ఆ లెక్కతోనే ఏటా కొందరు కొత్తవాళ్లు ఫిబ్రవరిలో అప్పు చేసి మిషను కొంటారు, మే నెలాఖరుకి దాన్ని సగం ధరకి అమ్మకానికి పెడతారు. వాళ్లకి రసం తీయడం రాక కాదు. గడ ఎక్కడ దొరుకుతుంది, బండి ఎక్కడ నిలుస్తుంది అనే రెండు ప్రశ్నలకి జవాబు చూసుకోకుండా దిగడం వల్ల.

ముందు గడ సంగతి. చెరకు రసానికి గిరాకీ పెరిగే సమయమూ, చెరకు దొరికే సమయమూ ఒకటి కాదు. చక్కెర ఫ్యాక్టరీల్లో క్రషింగ్ చలికాలంలో మొదలై వేసవి మొదట్లో ముగుస్తుంది. జనం గ్లాసు పట్టుకునే ఏప్రిల్, మే నెలలకి పొలాల్లో తోటలు చాలావరకు నరికేసి ఉంటాయి. మిగిలినవి బళ్లవాళ్ల కోసమే ఆపిన తోటలు. పైగా మన దగ్గర చెరకు ప్రాంతాలే కుదించుకుపోయాయి. బోధన్‌లో నిజాం షుగర్స్ మూతపడింది. అనకాపల్లి దగ్గర తుమ్మపాల ఫ్యాక్టరీ, చిత్తూరు సహకార ఫ్యాక్టరీ కూడా ఆగిపోయాయి. ఫ్యాక్టరీ లేనిచోట రైతు చెరకు వేయడు, వేసినా బెల్లానికి వేస్తాడు. అందుకే ఒకప్పుడు ఊరి చివర దొరికిన గడ ఇప్పుడు లారీ ఎక్కి వస్తోంది.

ధరలో తేడా అక్కడే వస్తుంది. 2025-26 సీజనుకి ఫ్యాక్టరీలు రైతుకి ఇవ్వాల్సిన కనీస ధరగా కేంద్రం క్వింటాలుకి 355 రూపాయలు నిర్ణయించింది. అంటే కిలో మూడున్నర రూపాయలు. బండివాడికి ఆ ధరకి గడ రాదు. తోట ఆపినందుకు రైతు ఎక్కువ అడుగుతాడు, నరికి మోపు కట్టిన కూలీ ఉంటుంది, లారీ బాడుగ ఉంటుంది, మధ్యలో దళారి ఉంటాడు. బండి దగ్గరికి చేరేసరికి కిలో ఎనిమిది, పది రూపాయలు పడినా ఆశ్చర్యం లేదు. సాధారణంగా తూకం మీద కాకుండా కట్టల లెక్కన కొంటారు కాబట్టి, సన్న గడలున్న కట్ట వస్తే నష్టం కంటికి కనబడకుండానే జరిగిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదటి రోజు ఒక కట్టని పక్క కొట్లో తూకం వేయించుకుని, ఆ తర్వాతే దళారితో సీజనంతటికీ బేరం కుదుర్చుకుంటారు.

నరికిన గడ ఊరుకోదు. ఎండాకాలంలో రోజు రోజుకీ నీరు కోల్పోతుంది, లోపలి చక్కెర విరిగిపోతుంది. రెండో రోజు దాటాక అదే బరువు గడకి రసం తగ్గుతుంది, రుచి మారుతుంది. నీడలో పెట్టి, తడి గోనెలు కప్పి, వాటిని ఆరనివ్వకుండా నీళ్లు చల్లుతూ ఉండడం అందుకే. నాలుగు రోజుల సరుకు ఒకేసారి దింపుకుంటే బాడుగ కలిసొస్తుందని చూస్తే, కలిసొచ్చిన దానికంటే ఎండిపోయిందే ఎక్కువవుతుంది.

ఇక రసం ఎంత వస్తుంది? రోలర్ల మధ్య గడని రెండు మూడు సార్లు మడిచి నడిపితే, శుభ్రం చేసిన గడ బరువులో దాదాపు సగం రసంగా దిగుతుంది. మిగతాది పిప్పి. చెక్కు గీకడంలో, మొదలు చివర నరికెయ్యడంలో, పుచ్చు గడలు పారెయ్యడంలో పోయేదాన్ని కూడా కలుపుకుంటే, కొన్న వంద కిలోల్లో 80 కిలోలు రోలర్లలోకి వెళితే 40 లీటర్ల రసం చేతికొస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతావన్నీ దీని మీద వేసుకోవచ్చు.

ఒక బండి లెక్కే వేసి చూద్దాం. మధ్యస్థమైన పట్టణం, భార్యాభర్తలిద్దరూ నడిపే బండి, చిన్న ఇంజను బిగించిన స్టీలు రోలర్ల మిషను. బండితో కలిపి 60 వేల రూపాయలకి వచ్చిందనుకుందాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, చూడాల్సింది లెక్క కట్టే పద్ధతి. రోజుకి 150 గ్లాసులు, గ్లాసులో ఐసు పోను 200 మిల్లీలీటర్ల రసం. అంటే 30 లీటర్లు కావాలి, 75 కిలోల గడ కొనాలి. కిలో పది రూపాయల చొప్పున 750. ఐసుకి 130. నాలుగు గ్లాసులకో నిమ్మకాయ పిండితే దాదాపు 40 కాయలు, కాయ అయిదు రూపాయలైతే 200. అల్లానికి 30, పెట్రోలుకి 200, కాగితం గ్లాసులకి 120, కడుక్కోవడానికి, పిండడానికి నీళ్ల క్యాన్లకి 40, చోటు మీద వసూలయ్యే రుసుము 30. మొత్తం 1,500 రూపాయలు. అమ్మకం 3,000. మిషను ధరని మూడు వేసవుల మీద, వేసవికి 90 రోజుల చొప్పున పంచితే రోజుకి 220 దాకా పడుతుంది. అదీ తీసేస్తే ఇద్దరి కష్టానికి మిగిలేది 1,280 రూపాయలు.

ఇప్పుడు అదే బండిని జనం తిరగని వీధిలో పెట్టండి. 80 గ్లాసులే పోయాయి. అమ్మకం 1,600. గడ, నిమ్మకాయలు, గ్లాసులు అమ్మకంతో పాటు తగ్గుతాయి గాని ఐసు, పెట్రోలు, నీళ్లు, రుసుము అంతగా తగ్గవు. ఖర్చు 910 దగ్గర ఆగుతుంది. మిషను వంతు 220 పోతే చేతిలో ఉండేది 470. ఇద్దరికి. పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా ఎండలో నిలబడి, ఒక్కొక్కరికి కూలి కూడా గిట్టని స్థితి. మధ్యాహ్నం మబ్బు పట్టి గాలివాన కొట్టిన రోజున ఆ కాస్తా ఉండదు.

నిమ్మకాయ కూడా చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్‌లో దేశమంతటా నిమ్మ ధర మండిపోయింది, ఒక్క కాయ పది రూపాయలు పలికింది. గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్ల వైపు కళ్లు పెట్టుకున్న కొట్లవాళ్లు అప్పుడు చాలామంది నిమ్మ మానేశారు. చెరకు రసంలో నిమ్మ రుచికోసమే కాదు. పిండిన రసం గాలి తగిలిన కొద్ది నిమిషాలకే నల్లబడుతుంది. గడలోని ఎంజైములు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. నిమ్మ పులుపు ఆ రంగు మారడాన్ని కాస్త ఆపుతుంది. నిమ్మ తగ్గించిన బండి దగ్గర గ్లాసు మురికిగా కనిపిస్తుంది, తాగేవాడు మొహం చిట్లిస్తాడు. ముందే పిండి జగ్గులో పోసిపెట్టిన రసం అమ్మడం మంచిది కాదనడానికి కూడా కారణం ఇదే. ఎండలో కొన్ని గంటలుంటే అది పులుస్తుంది.

గడ మంచిదో కాదో తెలుసుకోవడానికి చాకు ఒక్కటి చాలు. గడని నిలువునా చీలిస్తే లోపల తెల్లగా, నీరు ఊరుతూ ఉండాలి. ఎర్రటి చారలు, వాటి మధ్య అక్కడక్కడ తెల్ల మచ్చలు, ముక్కుకి పులిసిన కల్లు వాసన తగిలితే అది ఎర్రకుళ్లు తెగులు సోకిన గడ. ఒక్క గడ పడినా ఆ వాయి రసమంతా చెడుతుంది. కణుపుల దగ్గర చిన్న చిల్లులుంటే పురుగు తొలిచిందని అర్థం, అక్కడి వరకు నరికెయ్యాలి. కణుపుల చుట్టూ పట్టిన మట్టిని గీకకుండా రోలర్లలో పెట్టేస్తే గ్లాసు అడుగున ఇసుక తేలుతుంది. తాగేవాళ్లు ఫిర్యాదు చేయరు, రేపటి నుంచి ఎదుటి బండి దగ్గరికి వెళతారు, అంతే.

మిషనులో ముప్పు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, రోలర్ల పక్కనున్న పళ్ల చక్రాలకి పూసే గ్రీజు. ఎండకి కరిగి రసం పళ్లెంలోకి కారుతుంది. పళ్ల చక్రాలకీ పళ్లేనికీ మధ్య రేకు మూత లేని మిషను ఎంత చవకైనా కొనకూడదు. రెండోది చెయ్యి. చివరి ముక్కని వేలితో నెట్టడం, వదులు చీర కొంగు, చున్నీ వేసుకుని ఇంజను దగ్గర నిలబడడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. చివరి ముక్కని ఇంకో గడతోనే నెట్టాలి. రాత్రి బండి మూసేముందు పళ్లెం, జల్లెడ, రోలర్లు వేడినీళ్లతో కడగకపోతే, మర్నాడు మొదటి గ్లాసే ఆ సంగతి చెప్పేస్తుంది. పుల్లటి వాసన వస్తుంది.

ఐసు విషయంలో ఎక్కువమంది పొరబడతారు. చేపలు నిల్వ చేసే ఐసూ, తాగే ఐసూ ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకేలా కనిపిస్తూ రావచ్చు. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ చెప్పింది. నీలం ఛాయ ఉంటే సంగతి తేలిపోతుంది. రంగు లేనంత మాత్రాన మంచి ఐసని మాత్రం అనుకోకూడదు, ఫ్యాక్టరీవాడు మంచినీళ్లతో చేశాడా అని అడిగి, బిల్లు తీసుకోవాలి.

ఇంతకీ బండి ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడగాలి? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. రోడ్డు పక్క అమ్ముకోవడం పౌరుడి హక్కుల్లో భాగమేనని, దానికి హేతుబద్ధమైన ఆంక్షలు మాత్రం పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో చెప్పింది. పాతికేళ్ల తర్వాత, 2014లో, వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. అయిదేళ్లకోసారి కనీసం ఒక సర్వే జరగాలి. సర్వేలో తేలినవాళ్లకి వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ వెళ్లగొట్టకూడదు.

చదవడానికి బాగుంది. కాని సర్వే వాళ్లు నవంబరులో వస్తే చెరకు బండివాడు ఎక్కడుంటాడు? పొలం పనికో, మేస్త్రీ పనికో వెళ్లి ఉంటాడు. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాడి పేరే జాబితాలో పడుతుంది. పైగా సర్టిఫికెట్ తీసుకునేవాడు తనకి వేరే జీవనాధారం లేదని, వ్యాపారం తానో తన కుటుంబ సభ్యులో నడుపుతామని, సర్టిఫికెట్‌ని అద్దెకివ్వనని రాసివ్వాలి. ఏడాది పొడవునా అదే చోట అరటిపళ్లు అమ్మేవాడికి సరిపోయే మాట ఇది. మూడు నెలలు రసం, తొమ్మిది నెలలు కూలి చేసుకునేవాడికి ఆ సంతకం చిక్కే. చట్టం రాసినవాళ్ల మనసులో సీజను వ్యాపారి లేడనే చెప్పాలి.

అయినా ఒక దారి ఉంది. రెండు సర్వేల మధ్య కొత్తగా వచ్చినవాడు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ వెండింగ్ జోన్‌లో ఖాళీ ఉంటే కమిటీ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లో ఈ వ్యవహారం మున్సిపాలిటీ, మెప్మా సిబ్బంది ద్వారా నడుస్తుంది. చాలా పట్టణాలు రోడ్లని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విడదీశాయి. ఎరుపులో బండి పెట్టకూడదు, పసుపులో కొన్ని షరతులతో, ఆకుపచ్చలో పెట్టుకోవచ్చు. తిరిగి అమ్మే బండికి, ఒకేచోట నిలిచే బండికి సర్టిఫికెట్లు వేరు. చెరకు మిషను బరువు కాబట్టి పేరుకి తోపుడు బండైనా నిజానికి నిలిచే బండే. దరఖాస్తులో ఆ మాట సరిగా రాయించుకోవాలి.

ఆశీలు గురించి కూడా ఒక మాట. ఆంధ్రలో ఆశీలు, తెలంగాణలో తైబజారు పేరుతో పాటదారు మనిషి రోజూ రసీదు చించి ఇస్తాడు. చాలామంది ఆ రసీదునే అనుమతి అనుకుంటారు. కాదు. అది చోటు వాడుకున్నందుకు కట్టిన రుసుము మాత్రమే, రేపు బండి తీయమంటే అడ్డం రాదు. అలాగని పారెయ్యకూడదు. ఎప్పటి నుంచి, ఎక్కడ అమ్ముతున్నారో చూపడానికి అంతకు మించిన ఆధారం చిన్న వ్యాపారి దగ్గర ఉండదు. రసీదుల్ని తేదీల వారీగా దారానికి గుచ్చి దాచుకోవాలి.

బండి పట్టుకుపోతే ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ. సరుకు జప్తు చేసినప్పుడు అధికారి జాబితా రాసి ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకుని అదే రోజు, పాడవనిదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇచ్చెయ్యాలి. గడలు, నిమ్మకాయలు మొదటి రకం, మిషను రెండోది. సర్టిఫికెట్ లేకుండా అమ్మినా, షరతులు మీరినా చట్టంలో ఉన్న జరిమానా 2,000 రూపాయల దాకా. అంతకు మించి నోటిమాటగా అడిగితే రసీదు అడగాలి.

ఈ రక్షణ అన్నిచోట్లా లేదు. రైల్వే స్థలానికి ఆ చట్టం వర్తించదు. జాతీయ రహదారి పక్క స్థలం మున్సిపాలిటీది కాదు, హైవే సంస్థది. కార్లు ఒక్కసారిగా ఆగే ఆ చోటు ప్రమాదాలకీ నెలవు. హైవే మీద గిరాకీ కావాలనుకునేవాళ్లు ధాబా ఆవరణలోనో, తోట గట్టు లోపలో యజమానికి నెల అద్దె ఇచ్చి పెట్టుకుంటే వెళ్లగొట్టే భయం ఉండదు. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శిని అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి.

చోటు అనుమతితో పాటు తిండి అమ్మేవారికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారులకి, తోపుడు బండివాళ్లతో సహా, లైసెన్సు అక్కర్లేకుండా రిజిస్ట్రేషన్ పెట్టారు. అందులో రుసుము ఏడాదికి 100 రూపాయలుగా ఉండేది. foscos.fssai.gov.in లో ఫోటో, గుర్తింపు కార్డుతో దరఖాస్తు చేయాలి. కట్టేముందు అప్పటి నిబంధన ఒకసారి చూసుకోవడం మంచిది. మీసేవలోనో, సచివాలయంలోనో అడిగితే చేసిపెడతారు. ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. గాజు గ్లాసులు కడిగి వాడాలి, లేదా కాగితం గ్లాసులు పెట్టాలి. కాగితం గ్లాసు రూపాయికి దగ్గరైనా, బక్కెట్టు నీళ్లలో ముంచి తీసిన గాజు గ్లాసు కన్నా చూసేవాడికి నమ్మకం కలిగిస్తుంది.

తాగేవాళ్లకీ ఒక మాట చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 100 మిల్లీలీటర్ల చెరకు రసంలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని చెప్పింది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకి 26 నుంచి 30 గ్రాములు. షుగరు ఉన్నవాళ్లు దూరంగా ఉండాల్సిందే. పంచదార కలపలేదు కదా అనడం బండివాడికి చెల్లుతుంది, రక్తానికి చెల్లదు.

పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోనక్కర్లేదు. వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. మొదటి విడత 15 వేలు, తీర్చాక రెండో విడత 25 వేలు, తర్వాత 50 వేలు ఇస్తారు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. దీనికి పట్టణంలో గుర్తింపు కార్డు గాని, కమిటీ సిఫారసు లేఖ గాని ఉండాలి. చూశారుగా, ఇక్కడా కాగితమే ముందు. 15 వేలకి ఇంజను మిషను రాదు, పాత చేతి మిషను మరమ్మతుకో, సీజను మొదట్లో గడల అడ్వాన్సుకో సరిపోతుంది. అందుకే కొత్తవాళ్లు మొదటి వేసవికి మిషను అద్దెకి తీసుకుని చూడడం మేలు. గ్లాసుల లెక్క రోజూ నోటు పుస్తకంలో రాసుకుంటే, 90 రోజుల తర్వాత కొనాలా వద్దా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.

వచ్చే వేసవికి బండి పెట్టాలనుకునేవాళ్లు మిషను బేరానికి వెళ్లకముందే, డిసెంబరులోనో సంక్రాంతి వెళ్లగానేనో, మున్సిపాలిటీకి వెళ్లి రెండు మాటలు అడగండి. మీరు అనుకున్న చోటు ఏ జోన్‌లో ఉంది, అందులో ఖాళీ ఉందా అని. ఉందంటే అప్పుడే దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.